పడుకోలేని పేషెంటు

మా నర్సింగ్ స్కూల్లో రెండో సంవత్సరం క్లాసు గోడకు ఒక చార్టు ఉండేది. నడిమధ్యలో నిలువుగా ఒక ఎర్ర గీత. గీతకు ఎడమ పక్క ఊపిరితిత్తుల బొమ్మ, దాని కింద ఆయాసం, దగ్గు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం. కుడి పక్క వాచిన రెండు కాళ్ల బొమ్మ, దాని కింద మెడ నరాలు ఉబ్బడం, కాలేయం పెరగడం, పొట్టలో నీరు చేరడం. పైన పెద్ద అక్షరాలతో ఎడమ గుండె వైఫల్యం, కుడి గుండె వైఫల్యం. దాన్ని మా ప్రిన్సిపాల్ మేడం దగ్గరుండి గీయించి, లామినేషన్ చేయించి, నాలుగు మూలలా మేకులు కొట్టించింది. గుండె జబ్బు మీద జహీరాబాద్‌లో అంత అందమైన అబద్ధం ఇంకోటి లేదు.

అందులో రాసిన ముక్కలన్నీ నిజమే. గీత ఒక్కటే అబద్ధం.

ట్యూటర్‌గా నేను ఆ స్కూల్లో చేరిన కొత్తలో పిల్లలు ఆ చార్టును పాటలా అప్పజెప్పారు. ఎడమ అంటే ఊపిరి, కుడి అంటే కాళ్లు. నలభై గొంతులు ఒక్కసారిగా. ఆ పాట వింటూ ప్రిన్సిపాల్ మేడం తలుపు దగ్గర నిలబడి తల ఊపింది. ఆవిడ కరస్పాండెంట్‌గారి వదిన. కరస్పాండెంట్‌గారిది అల్లం వ్యాపారం. ఆవిడ ఎప్పుడో ఏదో క్లినిక్‌లో నర్సుగా చేసిందట, ఎన్నాళ్లు చేసిందో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. తర్వాతి వారం ఒక పిల్ల, రోగికి ఎడమ కాలు వాచింది కాబట్టి ఎడమ గుండె జబ్బు అని రాసుకొచ్చింది. ఆ పిల్లను ఏమీ అనలేకపోయాను. ఆ చార్టు చదివిన మనిషికి అంతకంటే ఏం తోస్తుంది?

నేను చార్టుకు వీపు పెట్టి పాఠం మొదలుపెట్టాను.

"ముంబై పోయే లారీ మన ఊరు దాటాక చిరాగ్‌పల్లి దగ్గర అడ్డం తిరిగిందనుకోండి. బండ్లు ఎక్కడ ఆగుతాయి?"

"మన దిక్కే ఆగుతయి మేడం. జామ్ జహీరాబాద్ దాంక వస్తది," అంది రాయికోడ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి. రోజూ ఆటోలో వేలాడుతూ వచ్చే పిల్ల, జాముల సంగతి దానికి బాగా తెలుసు.

"ముందు రోడ్డు?"

"ఖాళీ ఉంటది."

అంతే పాఠం. గుండెలో ఏ గది అలసిపోతే దాని వెనక రక్తం ఆగిపోతుంది, దాని ముందు కరువు. ఎడమ గుండెకు రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? ఊపిరితిత్తుల నుంచి. అది ఒంట్లోకి నెట్టలేకపోతే వచ్చిన రక్తం ఊపిరితిత్తుల్లోనే నిలుస్తుంది, అక్కడి సన్న నాళాల్లో ఒత్తిడి పెరిగి, నీరు గాలి తిత్తుల్లోకి ఊరుతుంది. గాలి ఉండాల్సిన చోట నీరుంటే ఆయాసమే. పడుకుంటే కాళ్లలో, పొట్టలో ఉన్న రక్తం కూడా పైకి వచ్చి పడుతుంది కాబట్టి ఆయాసం ఇంకా ఎక్కువ. కుడి గుండెకు రక్తం ఒళ్లంతటి నుంచి వస్తుంది. అది అలసిపోతే జామ్ ఒంట్లో. మెడ నరం ఉబ్బుతుంది, కాలేయం నిండుతుంది, రెండు ముద్దలు తినేసరికి పొట్ట బిగుస్తుంది, కాళ్లలో వేలు నొక్కితే గుంట పడుతుంది. ముందు కరువు సంగతి చూస్తే, మూత్రపిండాలకు చాలినంత రక్తం అందదు. ఒంట్లో నీళ్లే లేవేమో అనుకుని అవి ఉప్పును, నీటిని ఇంకా పట్టి ఉంచుతాయి. ఉన్న జాముకు కొత్త బండ్లు తోడు.

"మరి రెండు పక్కలు వేరే వేరే గద మేడం?" అని అడిగింది ఆ రాయికోడ్ అమ్మాయే, చార్టు వైపు చూపించి.

కాదని చెప్పాను. రక్తం తిరిగేది ఒకటే బాట, చుట్టూ తిరిగే బాట. ఊపిరితిత్తుల్లో జామ్ పెరిగి పెరిగి వెనకనున్న కుడి గుండె గుమ్మం దాకా వస్తుంది. కుడి గుండె ఆ జాములోకే రక్తాన్ని నెట్టి నెట్టి అదీ చతికిలబడుతుంది. ఊపిరితిత్తుల జబ్బుతో కుడిది ఒక్కటే చెడేవాళ్లూ ఉంటారు. కానీ కుడిది చెడిన మనిషి కనపడితే ముందు ఎడమను అనుమానించాలి. ఇంకో మోసం కూడా చెప్పాను. కుడిది అలసిపోగానే అది ఊపిరితిత్తులకు పంపే రక్తం తగ్గుతుంది. అప్పుడు ఆయాసం కాస్త తగ్గినట్టు ఉంటుంది. ఇంట్లో వాళ్లు నయమైందని సంబరపడతారు. నయం కాదు, రెండోది కూడా పోయింది. నేను ఇది చెబుతుంటే కొందరు పిల్లలు పరీక్షలో వస్తుందా అని అడిగారు. రాదని చెప్పగానే పెన్నులు మూశారు.

ఆ ఏడాది ఎండలు ముదిరాక ఇన్‌స్పెక్షన్ వచ్చింది. నర్సింగ్ స్కూలు అనుమతికి సొంత ఆసుపత్రి ఉండాలి కాబట్టి మా స్కూలుకు అనుబంధంగా ఒక ఆసుపత్రి ఉంది. ఉంది అంటే బోర్డు ఉంది. స్కూలు పై అంతస్తులో ఒక పొడుగాటి హాలు, ఏడాదంతా తాళం వేసి ఉండేది. ఇన్‌స్పెక్షన్ ముందు రోజు తాళం తీసి, కడిగి, అందులో ఇనుప మంచాలు వేసేవాళ్లు. పరుపులు టెంట్‌హౌస్ నుంచి వచ్చేవి. రోగులు ఝరాసంగం వైపు పల్లెల నుంచి వ్యాన్‌లో వచ్చేవారు. పొద్దున్నే వ్యాన్ దిగడం, బిర్యానీ, ఉప్పు మజ్జిగ ప్యాకెట్టు, పచ్చ గౌను, మంచం. ఒక్కో మంచానికి జబ్బు పేరు రాసిన కార్డు కట్టేవాళ్లు. కార్డులు పంచేది ప్రిన్సిపాల్ మేడం. పెళ్లి పందిట్లో తాంబూలాలు పంచినంత ముచ్చటగా పంచేది. ఈయనకు టైఫాయిడ్ ఇయ్యండి, ఆమెకు ఆస్తమా పెట్టండి. సిగ్గు అన్న మాట ఆ హాల్లోకి ఎప్పుడూ రాలేదు.

నాకు అది మొదటి ఇన్‌స్పెక్షన్. ఉద్యోగం వదిలేసి దిగిపోదామని మెట్ల దాకా వెళ్లాను. దిగిపోతే ఆ పిల్లలకు చార్టు తప్ప ఎవరూ మిగలరని వెనక్కి వచ్చాను. ఇప్పటికీ ఆ వెనక్కి రావడం ఒక్కటే ఆ స్కూల్లో నేను చేసిన మంచి పని అనుకుంటాను.

ప్రిన్సిపాల్ మేడం పెట్టిన నియమం ఒకటుంది. పేషెంట్లందరూ వెల్లకిలా పడుకోవాలి. దుప్పటి రొమ్ము దాకా, తల కింద ఒకటే దిండు, మంచాలన్నీ ఒకే వరసలో. ఎవరూ కూర్చోకూడదు. కూర్చుంటే వార్డు సంతలా ఉంటుందట. ఎడమ గుండె వైఫల్యం కార్డు ఉన్న మంచం మీద ఒక దిట్టమైన పడుచువాడు చక్కగా వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు. ఆ జబ్బున్నవాడు అలా పడుకోగలడా అన్న ప్రశ్న ఆవిడ బుర్రకు తట్టనే లేదు. గోడమీద చార్టు కొట్టించిన మనిషి!

దాని పక్క మంచం మీద ఒక తాత. హెర్నియా ఆపరేషన్ అయిందని కార్డు. ఆయన పడుకోలేదు. మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి, రెండు చేతులూ పరుపు మీద ఆనించి కూర్చున్నాడు. ఆ మంచానికి కేటాయించింది రాయికోడ్ అమ్మాయిని.

"మేడం, ఈ తాత పండుకుంటలేడు," అంది నా దగ్గరకు వచ్చి. "పండుకోమంటే దమ్ము వస్తది, ఊపిరాడది అంటుండు."

తాత పక్కన నేల మీద ఆయన భార్య కూర్చుని ఉంది. ఆమె పేషెంటు కాదు, తోడు వచ్చింది. బిర్యానీ పొట్లంలో సగం కొంగున కట్టుకుంది.

"ఇంట్ల ఎట్ల పడుకుంటడు అవ్వా?" అని అడిగాను.

"గోడకు ఆనుకొని కూసునే నిద్రపోతడు అమ్మా. ముందల మస్తు దమ్ముండె. నిద్రల లేచి వాకిట్లకు ఉరికి, గాలి గాలి అనేటోడు. ఇప్పుడు జర నయమే. దమ్ము తగ్గింది. ఒళ్లు గూడ పట్టిండు సూడు, ధోతి సుట్టుకొస్తలేదు."

ఆమె ఆ మాట సంతోషంగానే చెప్పింది. వంగి ఆయన చెప్పులు చూశాను. వెనక పట్టీలు కోసేసి ఉన్నాయి, కాలు పట్టక. మోకాలి కింద ఎముక మీద బొటనవేలు నొక్కి పట్టి తీస్తే గుంట అలాగే ఉండిపోయింది. కూర్చున్న మనిషికి మెడ నరం చెవి దాకా ఉబ్బి కొట్టుకుంటోంది. రాయికోడ్ అమ్మాయి స్టెత్ పెట్టి వీపు కింది భాగంలో విని, నా చేతికిచ్చింది. రెండు పక్కలా కింద బుడబుడమని చప్పుడు. ముందు ఎడమది పోయింది, తర్వాత కుడిది. నయమైందన్న మాటకు అర్థం అదే.

"గోలీలు వాడుతున్నడా?"

"సర్కారు దవాఖానల నీళ్ల గోలి ఇచ్చిన్రు. అది ఏసుకుంటే మాటిమాటికి ఒంటికి పోవాలె. ఆటో ఎక్కే దినం ఏసుకోడు. షేరాటోవోడు నడిమిట్ల ఆపడు గద? ఇయ్యాల వ్యాన్‌ల రావాలె అని నిన్న గూడ బంద్ పెట్టిండు."

ఆ పల్లెల నుంచి వచ్చే గుండె రోగులు సగం మంది ఇదే చేస్తారని నాకు తర్వాత తెలిసింది. ఒంట్లో నీటిని బయటికి పంపే మాత్ర అది. దాన్ని ఆపి, పైన ఉప్పు మజ్జిగ తాగి, ఎండలో వ్యాన్‌లో కుదుపులు తిని, చివరికి వెల్లకిలా పడుకోవడానికి వచ్చాడు తాత, మా ఆసుపత్రికి.

ఆ మంచాలకు తల భాగం పైకి లేపే ఏర్పాటు లేదు. పరుపులే టెంట్‌హౌస్‌వి, ఇంకేం ఉంటుంది? రాయికోడ్ అమ్మాయి ఇన్‌స్పెక్టర్ల కోసం తువ్వాలు కప్పి పెట్టిన కుర్చీ తెచ్చి, దాన్ని మంచం మీద తలకిందులు చేసి, వీపు ఆనించడానికి వాలు చేసింది. దాని మీద రెండు దిండ్లు వేసింది. తాత దానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. క్లాసులో చెప్పిన పద్ధతే అది, కానీ పరీక్షలో రాసిన పద్ధతిని మంచం మీద చేసిన పిల్లను ఆ స్కూల్లో నేను చూడడం అదే మొదటిసారి. నాకు ముచ్చటేసింది.

ప్రిన్సిపాల్ మేడం వచ్చి ముందు కుర్చీని చూసింది, తర్వాత తాతను.

"ఇదేంది? సార్లు కూసునే కుర్చీ ఇది. ఈయన మన పాత పేషెంటే గద, పోయినేడు మంచిగనే చెప్పినట్టు చేసిండు. ఇయ్యాల కొత్త నఖరాలు పడుతుండు."

ఇది నిజమైన గుండె జబ్బు అని, రెండు వైపులా చెడిందని, పడుకోబెడితే ఊపిరితిత్తులు నిండిపోతాయని చెప్పాను. ఆవిడ దుప్పటి ఎత్తి కాళ్లు చూసింది. ఆవిడ మొహంలో ఒక వెలుగు వచ్చింది. చార్టు గుర్తొచ్చింది.

"కాళ్లు వాచినయి. అంటే కుడి పక్క. కుడి పక్కోళ్లకు ఊపిరితోని పనేం లేదు, మీరు ట్యూటర్ అయ్యుండి గిదే తెల్వకపోతే ఎట్ల? కాళ్ల కింద దిండ్లు పెట్టి పండవెట్టుండ్రి, వాపు దిగుతది."

కాళ్లు ఎత్తితే ఆ కాళ్లలో ఉన్న నీరంతా ఎక్కడికి పోతుందని అడిగాను. ఆ గీతకు అవతల ఏముందో ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు. అంబులెన్సుకు ఫోన్ చేస్తానన్నాను.

"ఇన్‌స్పెక్షన్ దినం గేటు ముందట అంబులెన్సా? ఏమనుకుంటరు?"

ఆసుపత్రి గేటు ముందు అంబులెన్సు వస్తే పరువు పోతుందట! అంతకంటే వివరంగా ఆ ఆసుపత్రి గురించి ఎవరూ చెప్పలేరు. హాల్లో సిగ్నల్ అందదు, అందుకని వసారాలోకి వెళ్లి ఫోన్ చేశాను. అటువైపు మనిషికి అడ్రసు అర్థం కాలేదు. ఆసుపత్రి నుంచే ఆసుపత్రికి తీసుకెళ్లాలా అని రెండుసార్లు అడిగాడు. అవునని రెండుసార్లు చెప్పాను.

నేను తిరిగి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్లు గుమ్మంలో ఉన్నారు. కుర్చీ మళ్లీ తువ్వాలు కప్పుకుని గోడ దగ్గర ఉంది. తాత వెల్లకిలా ఉన్నాడు, తల కింద దిండు కూడా తీసి, మొత్తం దిండ్లన్నీ కాళ్ల కింద పెట్టారు. దుప్పటి రొమ్ము దాకా. ఆవిడ తన చేతులతోనే సర్దినట్టుంది, అంచులు అంత తీరుగా ఉన్నాయి. రాయికోడ్ అమ్మాయి మంచం తల దగ్గర నిలబడి ఏడుపు ఆపుకుంటోంది.

ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు. పెద్దాయన గురక పెడుతున్న గుండె జబ్బు కార్డు చదివి, తల ఊపి, ముందుకు కదిలాడు. ఆయనకూ ఏ అనుమానమూ రాలేదు. అందరూ ఒకే బడిలో చదివినట్టున్నారు. తాత మంచం దగ్గర ఆగి, "కేసు ఏమిటమ్మా?" అని అడిగాడు.

రాయికోడ్ అమ్మాయి నోరు తెరిచేలోపు తాత దగ్గాడు. ఆ దగ్గులో తడి ఉంది. లేవబోయాడు, కాళ్లు దిండ్ల మీద ఉండడంతో లేవలేకపోయాడు. నుదుటి మీద చెమట, పెదవులు నీలం. మూలుగుతూ రెండు చేతులతో గాలిని పట్టుకోబోయాడు.

"మా ముసలాయన సచ్చిపోతుండు," అంది నేల మీద ఉన్న భార్య. అరవలేదు. తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

ప్రిన్సిపాల్ మేడం గబగబా, "హెర్నియా సార్, నొప్పికి గిట్ల చేస్తుండు," అంది.

"కాదు సార్," అంది రాయికోడ్ అమ్మాయి. "వీళ్లందరి సంగతి నాకు తెల్వదు. ఈ తాతకు మాత్రం నిజంగనే బీమారుంది."

ఆ పిల్ల ఇంకెవరి వైపూ చూడలేదు. కాళ్ల కింది దిండ్లు లాగి నేల మీద పడేసింది. నేను ఒక చంక, తను ఒక చంక పట్టుకుని తాతను లేపి, కాళ్లు మంచం కిందికి వేలాడేశాం. కాళ్లు కిందికి ఉంటే నీరు కొంతైనా అక్కడే నిలుస్తుంది, గుండె మీద పడే రక్తం తగ్గుతుంది. ముందుకు ఒరగడానికి ఆయనకు నా భుజం ఇచ్చాను. నా చీర మీద గులాబీ రంగు నురగ పడింది. ఎడమ గుండె చేతులెత్తేసినప్పుడు గాలి తిత్తుల్లో నీరు, రక్తం, గాలి కలిసి వచ్చే నురగ అది. చార్టు లెక్కన అది ఎడమ పక్క. వాచిన కాళ్లు కుడి పక్క ఉంటాయి. రెండూ ఒకే మనిషిలో నా భుజం మీద ఉన్నాయి.

ఆక్సిజన్ సిలిండర్ ఉంది. కొత్త రంగు వేసి, బొట్టు పెట్టి, మూలన నిలబెట్టారు. తిప్పడానికి స్పానర్ లేదు. ఎక్కడుందని అడిగితే కరస్పాండెంట్‌గారి దగ్గర ఉందని చెప్పింది ప్రిన్సిపాల్ మేడం. ఆయన కింద పూలదండలతో ఉన్నాడు.

అంబులెన్సు వచ్చింది. ఆ మనుషులు మాస్కు పెట్టి, కూర్చోబెట్టే స్ట్రెచర్ మీదే మోసుకెళ్లారు. సర్కారు దవాఖానలో సూది మందు ఇచ్చారు, ఆక్సిజన్ పెట్టారు, మూత్రానికి గొట్టం వేశారు. సంచి నిండింది, వంచారు, మళ్లీ నిండింది. సాయంత్రానికి తాత మాట్లాడాడు. మొట్టమొదట అడిగింది వ్యాన్ వెళ్లిపోయిందా అని.

మా స్కూలుకు అనుమతి పొడిగించారు. అత్యవసర సమయంలో విద్యార్థుల స్పందన బాగుందని ఇన్‌స్పెక్టర్లు మెచ్చుకున్నారట. దాన్ని ప్రిన్సిపాల్ మేడం అసెంబ్లీలో మైకు పెట్టి చదివింది. ఆ స్పందించిన పిల్ల పేరు చదవలేదు. పైగా తాత ఒంటి మీద వెళ్లిపోయిన పచ్చ గౌను స్కూలు ఆస్తి అని, వెళ్లి తీసుకురమ్మని ఆ పిల్లనే పంపింది. ఆ మనిషి మీద అప్పటిదాకా నాకు కోపం ఉండేది. గౌను మాట విన్నాక కోపం కూడా దండగ అనిపించింది.

నేనూ వెంట వెళ్లాను. తాత తల ఎత్తిన మంచం మీద వాలి ఉన్నాడు. కాళ్ల మీద చర్మం ముడతలు పడింది. ఆయన భార్య నా చేయి పట్టుకుని, "ఒళ్లంత పోయింది అమ్మా, బక్కగైండు," అని బాధపడింది. పోయింది ఒళ్లు కాదు, నీరు అని చెప్పాను. ఆమె నమ్మలేదు.

రాయికోడ్ అమ్మాయి మాత్రల అట్ట పట్టుకుని కూర్చుంది.

"ఆటో ఎక్కే దినం గూడ బంద్ పెట్టొద్దు తాతా. ఇంటికి పోయినంక ఏసుకో. డాక్టర్ సారును అడిగిన, గట్ల ఏసుకోవచ్చు అన్నడు. దినాం పొద్దుగాల బరువు చూసుకో. బరువు జల్ది పెరుగుతుంటే ఒళ్లు వచ్చిందని సంబురపడకు, దవాఖానకు రా. ఉప్పు మజ్జిగ వద్దు."

తాత అన్నిటికీ తల ఊపాడు. ఆయన భార్య గౌను మడిచి ఆ పిల్ల చేతికిస్తూ, "పోయినేడు గిదే గౌను తొడిగిన్రు," అంది. "అప్పుడు హెర్నియా కాదు, గుండె బీమారి కాయిదం కట్టిన్రు ఈయనకు. మెట్లెక్కి వచ్చేవరకు మస్తు దమ్ము, దగ్గు. సార్లు వచ్చి చూసిపోయిన్రు. మీ పెద్ద మేడం మస్తు ఖుష్ అయింది. ఈయన యాక్షన్ మంచిగ చేస్తడు, మళ్లొచ్చేసారి గూడ తోలుకరాండ్రి అన్నది."

రాయికోడ్ అమ్మాయి చేతిలో అట్ట ఆగిపోయింది. పోయినేడు ఆ మంచం చుట్టూ సీనియర్ పిల్లలంతా నిలబడి చార్టు అప్పజెప్పి ఉంటారు. ఇన్‌స్పెక్టర్లున్నారు. మేడం ఉంది. ఆయన రొమ్ము మీద ఒక్కరూ స్టెత్ పెట్టలేదు.

"అప్పుడు నిజంగనే దమ్ము వచ్చిందా తాతా?" అని అడిగింది చాలా నెమ్మదిగా.

తాత ఆ పిల్ల వైపు వింతగా చూశాడు.

"నాకు యాక్షన్ యాడొస్తది బిడ్డా," అన్నాడు.